పెన్ను లైటును ఆపిన అద్దం

గుంటూరు బ్రాడీపేటలో ఒక కళ్ళజోళ్ళ షాపు. కౌంటరు అవతలి కుర్రాడు సొరుగులోంచి పెన్నులాంటి చిన్న లైటు తీశాడు. దానితోపాటు విజిటింగ్ కార్డంత తెల్లని అట్ట, అట్ట మధ్యలో గుండ్రటి మచ్చ. "చూడండి మేడమ్" అంటూ మామూలు లెన్సు ఒకటి అడ్డం పెట్టి మీట నొక్కాడు. ఊదారంగు చుక్క లెన్సులోంచి దూసుకెళ్ళి మచ్చ మీద పడింది. పడినచోట మచ్చ నీలంగా మారింది. ఆ లెన్సు పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. ఈసారి చుక్క అట్టదాకా రానేలేదు.

"ఇది బ్లూ కట్ మేడమ్. మీ కంప్యూటర్లోంచి వచ్చేవి ఆ కిరణాలే. ఇది వేసుకుంటే మొత్తం ఆగిపోతాయి."

మా వదినకు నలభై నాలుగేళ్ళు. ఒక కాలేజీ ఆఫీసులో ఫీజుల లెక్కలు చూస్తుంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా కంప్యూటరు ముందే. మూడు నెలలుగా సాయంత్రమయ్యేసరికి కళ్ళు మంటలు, కణతలు లాగడం. పక్క సీటులో ఆవిడ "బ్లూ కట్ వేయించుకో, నాకు తగ్గింది" అంటే నన్ను వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. మామూలు లెన్సులకూ వీటికీ తేడా పదకొండు వందలు. "ఏమంటావ్? నువ్వు ఫిజిక్స్ చెప్పినవాడివేగా" అంది నావైపు తిరిగి.

ఆ కుర్రాడు మోసం చెయ్యలేదు, అది ముందే చెప్పాలి. అతను చూపించిన పరీక్షలో కనికట్టు లేదు. రెండో లెన్సు ఆ కాంతిని నిజంగానే ఆపింది. చిక్కల్లా ఒకటే. పెన్నులోంచి వచ్చిన కాంతి వేరు, కంప్యూటరు తెరలోంచి వచ్చే కాంతి వేరు. పరీక్ష బాగానే ఉంది, మనం అడిగిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

కాంతి రంగుల్ని నానోమీటర్లలో కొలుస్తారు. అంకె తగ్గేకొద్దీ ఊదా వైపు, పెరిగేకొద్దీ ఎరుపు వైపు. సుమారు 380 నుంచి 500 దాకా ఉన్న పట్టీనంతా కలిపి కళ్ళజోళ్ళ వ్యాపారంలో నీలి కాంతి అంటారు. ఆ పట్టీలో చాలా జాగా ఉంది. షాపుల్లో వాడే ఆ పెన్ను లేజరు 405 దగ్గర వెలుగుతుంది, అంటే పట్టీకి ఎడమ కొసన, దాదాపు అతినీలలోహిత కిరణాల గుమ్మంలో. మన ఫోన్లు, కంప్యూటర్లు, ఎల్ఈడీ టీవీల నీలం 450 చుట్టుపక్కల గుట్టగా ఉంటుంది. 405 దగ్గర వాటినుంచి వచ్చేది లేనట్టే లెక్క. కుర్రాడు పట్టుకున్న లెన్సు కవరు మీద 'యూవీ 420' అని ఉంది. ఆ అంకెకు అర్థం 420కి దిగువనున్నదాన్ని దాదాపుగా ఆపేస్తుందని. 405 పెన్ను దానికి లొంగిపోవడంలో వింతేముంది? తెరలోంచి వచ్చే 450 మాత్రం గేటు పక్కనుంచి దర్జాగా లోపలికి పోతుంది.

ఇంట్లో ఒక తమాషా చేసి చూడొచ్చు. గ్లాసుడు నీళ్ళలో చెంచాడు పసుపు కలిపి ఆ పెన్ను చుక్కకు అడ్డం పెడితే పసుపు నీళ్ళు కూడా దాన్ని మింగేస్తాయి. పసుపులోని రంగు పదార్థం సరిగ్గా ఆ ప్రాంతపు కాంతినే పీల్చుకుంటుంది. అంతమాత్రాన పసుపు నీళ్ళు కంటికి రక్ష అని ఎవరూ అమ్మరు కదా. (ఆ పెన్ను అసలైన లేజరు. ఎవరి కంటివైపూ తిప్పకూడదు, పిల్లల చేతికి అసలే ఇవ్వకూడదు. నీలి కాంతి భయం పెట్టి సరుకు అమ్మే కౌంటరు మీద కంటికి నిజంగా హాని చేయగలిగిన వస్తువు అదొక్కటే.)

"మరి కవరు మీద వంద శాతం రక్షణ అని రాశారుగా?" అంది వదిన. ఆ వంద దేనిలో వంద అన్నదే చూడాలి. చిన్న లెక్క వేద్దాం. తెరలోంచి వచ్చే నీలి కాంతి మొత్తం వంద పాళ్ళు అనుకోండి. అందులో 420కి దిగువన ఒక పాలు. 420–440 మధ్య పదిహేను. 440–460 మధ్య యాభై. అక్కణ్ణుంచి 500 దాకా ముప్పై నాలుగు. లెక్క తేలిగ్గా ఉండాలని నేను వేసుకున్న అంకెలివి. తెరను బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయిగానీ గుట్ట ఆకారం సుమారుగా ఇలాగే ఉంటుంది. ఇప్పుడు లెన్సు పెడదాం. 420 దిగువన అంతా ఆపింది, ఒక పాలు పోయింది. ఆ తర్వాతి మెట్టులో ముప్పై శాతం ఆపిందనుకుంటే నాలుగున్నర. అసలు గుట్ట ఉన్నచోట ఎనిమిది శాతం, అంటే నాలుగు. ఆ పైన నాలుగు శాతం చొప్పున ఒకటిన్నర కూడా లేదు. మొత్తం కూడితే పదకొండు. కవరు మీద వంద, తెర ముందు పదకొండు! రెండు అంకెలూ నిజమే. పుచ్చకాయ తొక్కను పూర్తిగా చెక్కేసి, కాయంతా తీసేశామన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన లారా డౌనీ ఈ లెన్సుల మీద చాలాకాలంగా పనిచేస్తున్నారు. మామూలుగా అమ్మే బ్లూ కట్ లెన్సులు తెరల నీలి కాంతిలో పది నుంచి పాతిక శాతం వరకే ఆపుతాయని ఆవిడ చెబుతారు. అంతకు మించి ఆపాలంటే లెన్సుకు స్పష్టంగా కనిపించే పసుపో నారింజో రంగు రావాలి. ఇందులో ఒప్పందం ఏమీ నడవదు. నీలాన్ని తీసేస్తే మిగిలేది పసుపే కనుక, తెల్లగా ఉండి నీలాన్నంతా ఆపే లెన్సు ఉండదు. కాబట్టి ఎవరైనా నీళ్ళలా తెల్లగా ఉన్న లెన్సు చేతిలో పెట్టి "తొంభై శాతం నీలం ఆపుతుంది" అంటే, ఏ నీలమో చిన్న ముక్క తీసుకుని మాట్లాడుతున్నట్టే.

ఇది తేల్చుకోవడానికి పెన్ను లైటు కంటే మంచి పరీక్ష మన జేబులోనే ఉంది. ఫోనులో బొమ్మలు గీసే యాప్ తెరిచి తెర మొత్తం అచ్చమైన నీలంతో నింపండి. రంగు కోడ్ అడిగితే #0000FF అని కొట్టండి. ఆ నీలాన్ని లెన్సులోంచి ఒకసారి, లెన్సు తీసి ఒకసారి చూడండి. ఇది పెన్ను నీలం కాదు, మీ కంటిలో రోజూ పడే నీలం. షాపులోనే వదిన చేత చూపించాను. మామూలు లెన్సులోంచీ బ్లూ కట్ లోంచీ మార్చి మార్చి చూసి, "రెండూ ఒకేలా ఉన్నాయే" అంది. కుర్రాడూ వంగి చూశాడు. అతనికిది ఎవరూ చూపించలేదట.

తెరల నీలం నిజంగా ప్రమాదకరమైతే పదకొండు శాతం తగ్గినా మేలేగా అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. నీలి కాంతి కంటి వెనక రెటీనాను దెబ్బతీయగలదు, అది కల్పన కాదు. 1976లో విలియం హామ్, ఆయన సహచరులు కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, తరంగం పొట్టిదయ్యేకొద్దీ రెటీనా తక్కువ కాంతికే దెబ్బతింటుందని తేలింది. సూర్యుణ్ణి అదేపనిగా చూసినవాళ్ళకూ, ముసుగు లేకుండా వెల్డింగ్ మంటను చూసినవాళ్ళకూ చూపు పోవడం ఎప్పట్నుంచో తెలిసిందే. అయితే ఇక్కడ తేడా అంతా మోతాదులోనే ఉంది. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య విభాగపు శాస్త్రవేత్తలు బల్బులు, కంప్యూటర్లు, టాబ్లెట్లు, ఫోన్ల కాంతిని కొలిచి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఎంతసేపు చూసినా అంతర్జాతీయ భద్రతా పరిమితి దాటిన తెర ఒక్కటీ లేదు. అవన్నీ నీలాకాశం ముందు దిగదుడుపే. తెరలనుంచి మన కంటికి చేరే నీలం పగటి వెలుతురులో వచ్చేదానిలో సుమారు వెయ్యో వంతు అని డౌనీ బృందం లెక్క. వదిన మధ్యాహ్నం డబ్బా తెచ్చుకోవడం మరిచిపోయి హోటలుదాకా నడిచి వెళ్ళిన రోజున, ఆ కాసేపట్లో కంట్లో పడే నీలం ముందు రోజంతా కంప్యూటరు పంపేది ఏ మూలకూ రాదు.

మరి ఫోను చూస్తే గుడ్డితనం వస్తుందన్న మాట ఎక్కడ పుట్టింది? దానికి చాలా పుట్టుకలున్నాయి. పెద్ద దుమారం మాత్రం 2018 ఆగస్టులో రేగింది. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు, రెటినాల్ అనే పదార్థం కలిపిన కణాల మీద నీలి కాంతి వేస్తే ఆ కణాలు చచ్చిపోయాయని రాశారు. పత్రికల్లోకి వచ్చేసరికి అది "మీ ఫోను మిమ్మల్ని గుడ్డివాళ్ళను చేస్తోంది" అయింది. ఆ ప్రయోగంలో వాడినవి ప్రయోగశాలల్లో గాజు పళ్ళేల్లో పెంచే కణాలు, కంటి రెటీనా నుంచి తీసినవి కావు. రెటినాల్ కూడా కంట్లో ఉండే తీరులో కాక విడిగా కలిపారు. ఫోను నీలంవల్ల చూపు పోదని అమెరికా కంటి వైద్యుల సంఘం వెంటనే వివరణ ఇచ్చింది. వివరణ చదివినవాళ్ళెందరో తెలియదుగానీ, శీర్షిక మాత్రం వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

గుడ్డితనం సంగతి సరే, కంటి అలసట తగ్గుతుందా? పక్క సీటావిడకు తగ్గిందంటోంది కదా! ఇక్కడే డౌనీ బృందం 2021లో ప్రచురించిన ప్రయోగం చెప్పుకోవాలి. నాకు అది చాలా నచ్చింది. కంప్యూటరు వాడితే కళ్ళు అలసిపోతున్నాయని చెప్పే 120 మందిని తీసుకున్నారు. సగం మందికి బ్లూ కట్ కళ్ళజోళ్ళు, సగం మందికి మామూలువి. ఎవరివి ఏవో వాళ్ళకు తెలియదు, పరీక్ష చేసేవాళ్ళకూ తెలియదు. అంతటితో ఆగలేదు. కళ్ళజోడు ఇచ్చేటప్పుడు కొంతమందితో ఆ జోడు బాగా పనిచేస్తుందన్నట్టు మాట్లాడారు, మిగతావాళ్ళతో మామూలుదే అన్నట్టు మాట్లాడారు. తర్వాత రెండు గంటలు కంప్యూటరు పని. అలసటలో జోళ్ళ మధ్య తేడా లేదు. విచిత్రం, చెప్పిన మాటల వల్ల కూడా తేడా రాలేదు.

2023లో కాక్రేన్ సంస్థ ఈ తరహా ప్రయోగాలు పదిహేడింటిని ఒకచోట చేర్చి చూసింది. వైద్యంలో ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో తూచి చెప్పే సంస్థల్లో దాని మాటకు విలువ ఎక్కువ. వాళ్ళ తీర్పు ఏమిటంటే, కంప్యూటరు వల్ల వచ్చే కంటి అలసట తగ్గించడంలో మామూలు లెన్సుల కంటే ఇవి మెరుగనిపించడం లేదు. నిద్ర విషయంలో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. రెటీనాను కాపాడతాయా అన్నదాన్ని ఆ పదిహేడింటిలో ఏదీ పరీక్షించనే లేదు. ఒక మెలిక కూడా చెప్పుకోవాలి. వీటిలో అతి పొడవైన ప్రయోగం ఐదు వారాలే, కొన్నిటిలో పాల్గొన్నవాళ్ళు చాలా తక్కువ. అందుకే కాక్రేన్ వాళ్ళు 'పనిచెయ్యవు' అని గట్టిగా కొట్టిపారెయ్యలేదు, 'పనిచేస్తాయనడానికి ఆధారం లేదు' అన్నారు. నిజమే. కానీ పదకొండు వందలు ఎక్కువ తీసుకునేవాడు ఆధారం చూపించాలిగానీ, ఇచ్చేవాళ్ళు కాదని రుజువు చెయ్యాలా?

బ్రిటన్‌లో ఈ ప్రశ్న నిలదీసి అడిగారు. బూట్స్ ఆప్టీషియన్స్ అనే పెద్ద గొలుసు దుకాణాల సంస్థ, ఎల్ఈడీ టీవీలు, ఫోన్ల నీలి కాంతి కాలక్రమంలో రెటీనా కణాల్ని పాడుచేస్తుందన్న అర్థం వచ్చేలా పత్రికలో ప్రకటన ఇచ్చి తన లెన్సులు అమ్మింది. ఆధారాలు చాలవని, ప్రకటన జనాన్ని తప్పుదోవ పట్టిస్తోందని అక్కడి ప్రకటనల పర్యవేక్షణ సంస్థ 2015లో తీర్పు చెప్పింది. 2017లో కళ్ళజోళ్ళ వృత్తిని నియంత్రించే మండలి ఆ సంస్థకు నలభై వేల పౌండ్ల జరిమానా వేసింది. మన దగ్గరా 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనల్ని నేరంగానే చూస్తుంది.

నిద్ర సంగతి కొంచెం విడిగా చూడాలి, ఎందుకంటే అందులో ఇంకాస్త నిజం ఉంది. కంటి వెనక కొన్ని కణాలకు బొమ్మలు చూడ్డంతో పని లేదు. పగలా రాత్రా అని మెదడుకు కబురు పెట్టడమే వాటి ఉద్యోగం. అవి అన్నిటికంటే బాగా స్పందించేది సుమారు 480 దగ్గరి కాంతికి. రాత్రి కాంతి ఎక్కువ పడితే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ తయారీ వెనకబడుతుంది. ఇంతవరకూ ఒప్పుకోవాల్సిందే. అయితే 420 దిగువన ఆపే లెన్సు 480ని ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. దాన్ని ఆపాలంటే నారింజ రంగు కళ్ళజోడు కావాలి. పైగా ప్రభావం ఎంతో కూడా చూడండి. అమెరికాలో పన్నెండు మందిని మసక వెలుతురు గదిలో పూర్తి వెలుతురు పెట్టిన ఐప్యాడ్‌తో రోజూ నాలుగు గంటలు చదివించి, అచ్చు పుస్తకం చదివిన రోజులతో పోల్చారు. నిద్ర పట్టడం ఆలస్యమైంది సుమారు పది నిమిషాలు. ఫోను వెలుతురు సగానికి తగ్గిస్తే అన్ని రంగులూ, నీలంతో సహా, సగానికి తగ్గుతాయి. పదకొండు శాతం తగ్గించడానికి పదకొండు వందలు ఎందుకు?

సరే, వదిన సంగతికొద్దాం. బాధ నిజం. కణతలు లాగడం నిజం. కారణం నీలం కాకపోతే మరేమిటి?

జపాన్‌లో 1993లో ఇద్దరు వైద్యులు మనుషుల కనురెప్పలు ఎన్నిసార్లు పడుతున్నాయో లెక్కపెట్టారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున ఇరవై రెండు సార్లు. పుస్తకం చదివేటప్పుడు పది. కంప్యూటరు ముందు ఏడు. రెప్ప పడినప్పుడల్లా కంటి మీద కన్నీటి పొర ఒకసారి తుడిచినట్టు పరుచుకుంటుంది. ఇరవై రెండుసార్లు తుడవాల్సిన చోట ఏడుసార్లు తుడిస్తే పొర ఆరిపోయి మంట పుడుతుంది. వదిన సీటు మీద టేబుల్ ఫ్యాను సరిగ్గా మొహానికి కొడుతుంది. మంటకు కారణం అక్కడే సగం దొరికింది.

రెండో సగం వయసులో ఉంది. దగ్గరి వస్తువు చూడాలంటే కంటిలోని కటకం ఉబ్బాలి, ఆ శ్రమను డయాప్టర్లలో కొలుస్తారు. లెక్క చాలా సులువు, ఒకటిని మీటర్లలో దూరంతో భాగించడమే. అరవై సెంటీమీటర్ల దూరాన ఉన్న కంప్యూటరుకు సుమారు 1.7. నలభై సెంటీమీటర్ల దగ్గర పెట్టుకున్న ఫీజుల రిజిస్టరుకు 2.5. ఫోను మొహానికి దగ్గరగా పట్టుకుంటే 3. నలభై నాలుగేళ్ళ కంటికి మిగిలే బలం మొత్తం నాలుగైదు డయాప్టర్లు. అందులో సగం వరకే రోజంతా హాయిగా వాడగలం. నిండు బిందె ఎత్తగలిగిన మనిషి కూడా దాన్ని సాయంత్రం దాకా చంకన పెట్టుకుని నిలబడలేదు కదా. రిజిస్టరు చూసినప్పుడల్లా వదిన హద్దు మీద ఉంది, ఫోను పట్టుకున్నప్పుడల్లా దాటుతోంది. మన పెద్దవాళ్ళు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు, చత్వారం.

అందుకే షాపులో ఏమీ కొనకుండా లేచాం. కంటి పరీక్ష చేయించుకుని మూడేళ్ళయిందని దారిలో చెప్పింది. మర్నాడు డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాం. ఆవిడకు దూరపు చూపుకు రెండు కళ్ళకూ మైనస్ 1.25 ఉంది, అది పెరగలేదు, సిలిండరు లేదు. దగ్గర చూపుకు ప్లస్ 1.25 కలపాలన్నారు డాక్టరుగారు. అని చీటీ రాస్తూ రాస్తూ నవ్వారు. "మైనస్ ఒకటింపావుకు ప్లస్ ఒకటింపావు కలిపితే ఎంతమ్మా? సున్నా. కంప్యూటరు ముందు కళ్ళజోడు తీసేసి కూర్చోండి" అన్నారు. దూరపు చూపు మందగించినవాళ్ళకు వయసు ఇచ్చే కానుక ఇది. జోడు తీసేస్తే ఆ ఒకటింపావు శ్రమ కంటికి తప్పిపోతుంది. కంప్యూటరుకు అరకంటే తక్కువ, రిజిస్టరుకు ఒకటింపావు, ఫోనుకు ఒకటిముప్పావు. అన్నీ హద్దులోకి వచ్చేశాయి.

ఎనభై సెంటీమీటర్ల లోపలున్నదంతా ఆవిడకు జోడు లేకుండానే స్పష్టంగా ఉంటుంది. అయితే ఇది వదిన లెక్క, అందరి లెక్కా కాదు. ప్లస్ పవరున్నవాళ్ళు, సిలిండరున్నవాళ్ళు జోడు తీస్తే ఇంకా అవస్థ పడతారు. వాళ్ళకు కంప్యూటరు దూరానికి విడిగా పవరు రాయించుకోవాలి. అందుకు పరీక్షకు వెళ్ళేముందు టేపు పెట్టి కంటికీ తెరకూ మధ్య దూరం కొలిచి చీటీ మీద రాసుకెళ్ళండి. డాక్టరుకు ఆ ఒక్క అంకె చెప్పేవాళ్ళు నూటికి ఒకరు కూడా కనబడరు. పరీక్ష గదిలో చదివించేది దూరపు అక్షరాలూ, చేతిలో పట్టుకునే అట్టా. ఆ రెంటి నడుమ ఉన్న తెరను ఎవరూ పట్టించుకోరు.

ఇక షాపులో ఎవరైనా బ్లూ కట్ చూపిస్తే ఏం చెయ్యాలి? పెన్ను లైటు తీయగానే "ఇది ఎన్ని నానోమీటర్ల లైటు?" అని అడగండి. తర్వాత ఆ లెన్సు కంపెనీ ఇచ్చే గ్రాఫు అడగండి, ఏ అంకె దగ్గర ఎంత కాంతి లోపలికి వదులుతుందో చూపించే గీత. పేరున్న కంపెనీలు ఆ గీతను గీయకుండా ఉండవు. గీతలో 450 దగ్గర వేలు పెట్టి చూడండి. అక్కడ తొంభై శాతం లోపలికి పోతున్నట్టుంటే, మిగతా మాటలన్నీ కవరు మీది బొమ్మలే. కొన్ని లెన్సుల్లో పదార్థంలోనే రంగు కలుపుతారు, తెల్ల కాగితం మీద పెడితే లేత పసుపు ఛాయ తెలుస్తుంది. కొన్నిటికి పైన కోటింగ్ వేస్తారు, ట్యూబులైటు ప్రతిబింబం ఆకుపచ్చగా కాక నీలంగా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి బాగా పనిచేస్తోందని అనుకోవద్దు. అది గదిలోని వెలుతురులో కొంచెం తిరిగి కొడుతోందనడానికే సాక్ష్యం, ఎంత అన్నదానికి కాదు. వీడియో కాల్‌లో ఎదుటివాళ్ళకు మన కళ్ళకు బదులు రెండు నీలి పెంకులు కనబడతాయి, అదొక అదనం.

మెరుపు తగ్గించే కోటింగ్ వేరు, బ్లూ కట్ వేరు. మొదటిది పనికొస్తుంది, వెనకనున్న కిటికీ వెలుతురు లెన్సు మీద తారట్లాడకుండా చేస్తుంది. చాలా షాపుల్లో రెండూ కలిపే అమ్ముతారు, మెరుపు తగ్గిన హాయిని బ్లూ కట్ ఖాతాలో వేసేస్తారు. పక్క సీటావిడకు తగ్గిందంటే కొత్త జోడుతోపాటు కొత్త పవరు కూడా వచ్చి ఉండొచ్చు. గీతలు పడిన పాత లెన్సు పోయి ఉండొచ్చు. వదిన తర్వాత ఆరా తీస్తే, ఆవిడకు ఆ జోడుతోనే మొదటిసారి చత్వారం పవరు వేశారట!

ఒకే ధరకు బ్లూ కట్ ఇస్తే తీసుకోవచ్చా అని అడుగుతారు. తీసుకోండి, హాని లేదు. చీరల రంగులు సరిపోల్చేవాళ్ళు, ఫొటోలు దిద్దేవాళ్ళు మాత్రం ఆ లేత పసుపుతో కాస్త ఇబ్బంది పడతారు. నేను గట్టిగా వద్దనేది ఒక్కచోటే. పిల్లలకు పవరు పెరగకుండా ఉంటుందని చెప్పి అమ్మేచోట. నీలం ఆపితే పిల్లల మైనస్ ఆగుతుందనడానికి ఆధారం లేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆరేడేళ్ళ పిల్లల్ని బడి వేళల్లోనే రోజూ అదనంగా నలభై నిమిషాలు ఆరుబయట ఉంచి చూశారు. మూడేళ్ళలో కొత్తగా మైనస్ వచ్చినవాళ్ళు ఆ బళ్ళలో నూటికి ముప్పై మంది, మిగతా బళ్ళలో నూటికి నలభైకి దగ్గర. అంటే ఆ పిల్లలకు మేలు చేసింది నీలాకాశం కింద గడిపిన సమయం. మనమేమో గదిలో కూర్చోబెట్టి నీలానికి అడ్డం కడుతున్నాం.

వదిన ఇప్పుడు ఆఫీసులో కళ్ళజోడు తీసి సొరుగులో పెడుతోంది. ఫ్యాను గోడవైపు తిప్పించింది. కణతలు లాగడం రెండు వారాల్లో తగ్గింది. కొత్త తంటా ఒకటి వచ్చింది. గుమ్మంలో నిలబడి "మేడమ్" అని పిలిచేది ప్రిన్సిపాలుగారో, ఫీజు కట్టడానికొచ్చిన కుర్రాడో జోడు లేకుండా పోల్చుకోలేకపోతోంది. మొన్న ఆయన్ను "ఆ లైన్లో నించో బాబూ" అందట.